కౌంటర్ మూశాక వచ్చే జనం: రాయగడ బస్సుల సైటుకి వేసిన హీట్‌మ్యాప్

రాయగడలో మా వీధి చివర ఒక చిన్న ట్రావెల్స్ ఆఫీసు ఉంది. నడిపేది మా నాన్నగారి స్నేహితుడు, నేను బాబాయ్ అనే పిలుస్తాను. పార్వతీపురం, విజయనగరం, విశాఖపట్నం వైపు వెళ్ళే బస్సుల టైములు, గుణుపురం వైపు లోకల్ బస్సుల టైములు, కింద ఒక ఫోన్ నంబరు, ఇంతే ఆయన సైటు. ఒక పేజీ ఒడియాలో, ఒక పేజీ తెలుగులో. రెండేళ్ళ క్రితం నేనే కట్టి ఇచ్చాను. పోయిన సెప్టెంబర్‌లో పిలిచి ఒక ప్రశ్న అడిగారు. "అమ్మాయ్, సైటు చూసి ఫోన్ చేసేవాళ్ళు ఏ టైములో ఎక్కువ? రాత్రి తొమ్మిదికి కౌంటర్ కట్టేస్తాను. తెల్లారి చూస్తే ఫోన్‌లో మిస్డ్ కాల్స్ ఉంటన్నాయి. ఒక కుర్రోణ్ణి అదనంగా పెడదామంటే, ఏ రోజు, ఎన్ని గంటలకని పెట్టాలి?"

ఇలాంటి ప్రశ్నకి వారం రోజులు ఒకవైపు, ఇరవై నాలుగు గంటలు ఇంకోవైపు పెట్టి గీసే హీట్‌మ్యాప్ సరిగ్గా సరిపోతుంది. 168 గళ్ళు, ఒక్కో గడిలో ఆ రోజు ఆ గంటకి మామూలుగా ఎంతమంది వస్తారో రంగులో కనిపిస్తుంది. గీయడానికి పది నిమిషాలు పడుతుంది. కానీ నేను మొదట గీసింది నమ్మి ఉంటే ఆయన కుర్రాణ్ణి పూర్తిగా తప్పు టైములో కూర్చోబెట్టేవారు. అక్కడి నుంచి సరైన పటం దాకా ఎలా వచ్చానో, మధ్యలో రంగులూ వరసలూ ఎందుకు మార్చాల్సి వచ్చిందో ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను.

సైటులో అనలిటిక్స్ ఏమీ పెట్టలేదు, అందుకని సర్వర్ లాగ్ ఫైలే ఆధారం. మొదట చేతిలో ఉన్న చివరి మూడు వారాల లాగ్ తీసుకుని, టైములోంచి రోజు, గంట విడదీసి, లెక్కపెట్టి రంగు వేశాను. ఆదివారం మధ్యాహ్నం మూడు గంటల గడి అన్నిటికంటే ముదురుగా వచ్చింది. బాబాయ్‌కి చూపిస్తే ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఏటమ్మా ఇది, ఆదివారం మూడింటికి ఊరంతా అన్నం తిని పడుకుంటాది. ఆ టైముకి నాకు ఫోనే రాదు."

ఆయన చెప్పిందే నిజం. లాగ్‌లో ఒక వరస ఇలా ఉంది:

```
[14/Sep/2025:15:42:10 +0000] "GET /te/ HTTP/1.1" 200
```

చివర `+0000` ఉంది చూడండి, అది యూటీసీ టైము. మన టైము దానికంటే అయిదున్నర గంటలు ముందు. అంటే ఈ మనిషి సైటు తెరిచింది మధ్యాహ్నం 3:42కి కాదు, రాత్రి 9:12కి. ఇది చాలామందికి తెలిసిన తప్పే, కానీ తెలిసినవాళ్ళు కూడా దీన్ని సరిచేసే పద్ధతిలో రెండో తప్పు చేస్తారు, నేనూ చేశాను. గళ్ళు ఎలాగూ లెక్కపెట్టి ఉన్నాయి కదా, వాటి పేర్లని అయిదు గంటలు ముందుకి జరిపేస్తే సరిపోతుంది, అరగంటే కదా తేడా అనుకున్నాను. ఆ అరగంట ఎంత పని చేస్తుందో ఆ ఒక్క ఆదివారం లెక్కతో చెప్తాను.

ఆ రాత్రి మన టైములో 8 నుంచి 8:30 లోపు 9 మంది వచ్చారు, 8:30 నుంచి 9 లోపు 14, 9 నుంచి 9:30 లోపు 17, 9:30 నుంచి 10 లోపు 16, 10 నుంచి 10:30 లోపు 8. నిజమైన గంటల్లో చూస్తే ఎనిమిది గంటల గడిలో 23, తొమ్మిది గంటల గడిలో 33. కానీ యూటీసీ గంటలు మన 8:30 దగ్గరా, 9:30 దగ్గరా తెగుతాయి. అక్కడ ఒక గడిలో 14, 17 కలిసి 31, దాని పక్క గడిలో 16, 8 కలిసి 24. వీటి పేర్లు అయిదు గంటలు జరిపితే ఎనిమిది గంటలకి 31, తొమ్మిది గంటలకి 24 అని కనిపిస్తుంది. అంటే ఎక్కువ జనం వచ్చేది కౌంటర్ తెరిచి ఉన్నప్పుడే అని పటం చెప్తుంది. అసలు జరిగేది దానికి తిరగబడి ఉంది, కౌంటర్ మూశాకే ఎక్కువ మంది వస్తున్నారు. బాబాయ్ అడిగిన ప్రశ్నకి జవాబు మొత్తం ఆ అరగంటలోనే ఉంది. ఒకసారి గంటల గళ్ళుగా కలిపేశాక మళ్ళీ విడదీయలేం, కాబట్టి ప్రతి వరస టైమునీ ముందు మన టైములోకి మార్చి, ఆ తర్వాతే గంట తీయాలి.

```python
t = pd.to_datetime(df["time"], format="%d/%b/%Y:%H:%M:%S %z", utc=True)
t = t.dt.tz_convert("Asia/Kolkata")
df["hour"] = t.dt.hour
```

గంట తప్పితే రోజు కూడా తప్పుతుంది. సోమవారం తెల్లవారుజామున నాలుగున్నరకి మొదటి బస్సు టైము చూసుకునేవాళ్ళు యూటీసీలో ఆదివారం రాత్రి పదకొండులో పడతారు. నా మొదటి పటంలో ఆదివారం వరస కుడి చివర ఒక ముదురు మచ్చ ఉండేది, అర్ధరాత్రి దాకా జనం మేలుకుని చూస్తున్నారనుకున్నాను. వాళ్ళు సోమవారం పొద్దున్నే విశాఖ ఆసుపత్రులకి బయలుదేరేవాళ్ళు.

ఇప్పుడు ఏది లెక్కపెట్టాలి అన్న సంగతి. లాగ్‌లో ప్రతి బొమ్మ, ప్రతి ఫైలు ఒక్కో వరస. అవన్నీ లెక్కపెడితే మనుషుల లెక్క రాదు. నేను విజిట్ అంటే ఇలా పెట్టుకున్నాను: ఒకే ఐపీ, ఒకే బ్రౌజర్ పేరు నుంచి వచ్చినవి కలిపి ఒకటి, మధ్యలో ముప్పై నిమిషాలు ఏమీ రాకపోతే తర్వాత వచ్చేది కొత్త విజిట్. మొదలైన గంటలోనే దాన్ని లెక్కిస్తాను. మొబైల్ కంపెనీలు చాలామందికి ఒకే ఐపీ పంచుతాయి కాబట్టి ఒకే రకం ఫోన్ ఉన్న ఇద్దరు ఒకరిగా కలిసిపోవచ్చు, లెక్క కొంచెం తక్కువే వస్తుంది. ఏ గంట ఏ గంటకంటే ఎక్కువ అన్నదే మనకి కావాల్సింది కాబట్టి అది పెద్ద ఇబ్బంది కాదు. సైటు బతికే ఉందా అని అయిదు నిమిషాలకోసారి తట్టి చూసే ఒక యంత్రం కూడా లాగ్‌లో ఉంది, గంటకి సరిగ్గా 12 సార్లు, రాత్రి రెండింటికీ అంతే. దాన్ని పేరు చూసి తీసేశాను. తీయకుండా వరసలే లెక్కపెడితే ప్రతి గడి కింద 12 అడుగున ఉండిపోతుంది, ఖాళీ గంట అనేదే కనిపించదు.

మూడు వారాలు చాలవని హోస్టింగ్ వాళ్ళని అడిగి పాత లాగ్‌లు తెప్పించాను. 2025 జూలై 7 సోమవారం నుంచి సెప్టెంబర్ 21 ఆదివారం దాకా సరిగ్గా పదకొండు వారాలు తీసుకున్నాను. ఈ తారీఖులు ఊరికే పెట్టినవి కావు. జూలై 5న బాహుడా యాత్ర అయిపోయింది, కాబట్టి రథయాత్ర రద్దీ ఇందులోకి రాదు. సెప్టెంబర్ 22న నవరాత్రులు మొదలు, దానికి ముందే ఆపేశాను. వారాలు పూర్తిగా ఉండాలి, లేకపోతే ఒక రోజు పదకొండు సార్లు, ఇంకో రోజు పన్నెండు సార్లు వచ్చి, మొత్తాలు పోల్చినప్పుడు పన్నెండు సార్లు వచ్చిన రోజు ఊరికే ముదురుగా కనిపిస్తుంది.

పదకొండు వారాలకి ఒక్కో గడికి సగటు తీసి, స్ప్రెడ్‌షీట్‌లో పెట్టి, అందులో రెడీగా ఉండే ఆకుపచ్చ-పసుపు-ఎరుపు రంగులు వేశాను. ఆ పటం ప్రింట్ తీసి పట్టుకెళ్ళాను. బాబాయ్ అద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసి, "ఈ ఎర్రగా ఉన్నవి జనం ఎక్కువ ఉన్నవే కదా?" అన్నారు. కాదు. ఆ రంగుల సెట్టులో ఎక్కువ ఉన్నది ఆకుపచ్చ, తక్కువ ఉన్నది ఎరుపు. బస్సు చార్టులో నిండిపోయిన సీటుని ఎర్ర పెన్నుతో కొట్టే మనిషికి ఎరుపంటే రద్దీ. ఆయనకి ఆ పటం మొత్తం తిరగబడి కనిపించింది. తప్పు ఆయనది కాదు, మంచి-చెడు చెప్పే రంగులని ఎక్కువ-తక్కువ చెప్పడానికి వాడినందుకు నాది.

ఆ రంగుల సెట్టులో ఇంకో ఇబ్బంది లోపల దాక్కుని ఉంటుంది. మధ్యలో ఉండే పసుపుని అది 50వ పర్సంటైల్ దగ్గర పెడుతుంది, అంటే 168 గళ్ళలో సగం పసుపుకి ఇటు, సగం అటు ఉండాల్సిందే. మా గళ్ళలో సగానికి పైగా అయిదారు లోపు అంకెలే. దాంతో ఏడు మంది వచ్చే గంట కూడా ఆకుపచ్చ వైపు తిరిగిపోయింది. మధ్యలో నిజంగా ఒక అర్థం ఉన్న గీత ఉంటే, అంటే లాభం-నష్టం లాగానో, పోయినేటి కంటే ఎక్కువ-తక్కువ లాగానో ఉంటే, రెండు వైపుల రంగులు వాడాలి. విజిట్ల లెక్కకి అలాంటి మధ్య గీత లేదు. సున్నా నుంచి మొదలై పెరుగుతుంది, అంతే. అందుకని ఒకే వైపు పెరిగే రంగు కావాలి, లేతలో మొదలై ముదురుకి వెళ్ళేది.

దీన్ని తేల్చుకోవడానికి నేను చేసే పరీక్ష చాలా తేలిక. ఆ కాగితాన్ని పక్క షాపులో బ్లాక్ అండ్ వైట్ జిరాక్స్ తీయించాను. ఆకుపచ్చా ఎరుపూ రెండూ ఒకే బూడిద రంగులోకి దిగిపోయాయి, పసుపు మాత్రం తెల్లగా మిగిలింది. అంటే జిరాక్స్‌లో అన్నిటికంటే ఎక్కువ, అన్నిటికంటే తక్కువ ఒకేలా ఉన్నాయి. ఎరుపు, ఆకుపచ్చ తేడా కంటికి ఆనని మనుషులు కూడా ఉంటారు, వాళ్ళకీ ఇదే కష్టం. హరివిల్లు రంగులు వేసినా ఇంతే, రెండు చివర్లూ ముదురు, మధ్య వెలుతురు. ఏ రంగుల స్కేలైనా జిరాక్స్ తీశాక వరస చెడకుండా లేత నుంచి ముదురుకి వెళ్తే అది పనికొస్తుంది.

పైథాన్‌లో పటాలు గీసే మాట్‌ప్లాట్‌లిబ్‌లో 2017లో వచ్చిన 2.0 నుంచి మామూలుగా వచ్చే రంగు `viridis`. అది ఆ పరీక్షలో నిలబడుతుంది, కానీ అందులో ఎక్కువ ఉన్న చివర లేత పసుపు. తెల్ల కాగితం మీద కన్ను ముదురు దగ్గరికి ముందు వెళ్తుంది, ముదురంటే ఎక్కువ అని ఎవరూ చెప్పకుండానే చదువుతుంది. అందుకని గోడకి అంటించే కాగితానికి `YlGnBu` తీసుకున్నాను. లేత పసుపు దగ్గర మొదలై ముదురు నీలంలో ఆగుతుంది, ఎరుపు ఎక్కడా లేదు.

రంగు మార్చాక కూడా పటం బాగుపడలేదు. ఆదివారం సాయంత్రం ఆరు గంటల గడి ఒక్కటే ముదురు నీలం, మిగతా 167 గళ్ళూ వెలిసిపోయినట్టు లేతగా. ఆ గడి సగటు 80. దాని తర్వాత పెద్దది 35 కూడా లేదు. ఇక్కడ నేను ఒక రోజంతా తప్పుదారిలో తిరిగాను. అంకెలు మరీ ఒకవైపు ఒరిగిపోయాయి కాబట్టి లాగరిథమ్ స్కేల్, అంటే లాగ్ స్కేల్ పెడదాం అనుకున్నాను. పెడితే గళ్ళన్నీ రంగుతో నిండాయి, చూడ్డానికి బాగానే ఉంది. కానీ లాగ్ స్కేల్‌లో ఒకటికీ రెండుకీ మధ్య ఎంత దూరమో పదహారుకీ ముప్పై రెండుకీ మధ్య అంతే దూరం. రాత్రి రెండింటికి ఒకరా ఇద్దరా అన్న తేడా, సాయంత్రం ఒక కుర్రాడు చాలా ఇద్దరు కావాలా అన్న తేడాతో సమానంగా కనిపించింది. మనిషిని కూర్చోబెట్టడానికి అది పనికిరాదు. అసలు సున్నా ఉన్న గళ్ళకి లాగరిథమ్ విలువే లేదు, అందుకని ఒకటి కలిపి తీయాల్సి వచ్చింది.

అప్పుడు ఆ గడి లోపలికి వెళ్ళి చూశాను. పదకొండు ఆదివారాల సాయంత్రం ఆరు గంటల అంకెలు ఇవి: 14, 17, 12, 16, 19, 15, 720, 18, 13, 16, 20. ఆగస్టులో ఒక ఆదివారం పెద్ద వాన పడి, ఘాట్ రోడ్డు తెగిపోయిందని, బస్సులు ఆపేశారని వాట్సాప్‌లో పుకారు తిరిగింది. ఆ గంటలో అందరూ సైటు మీద పడ్డారు. ఆ ఒక్క సాయంత్రమే సగటుని 16 నుంచి 80కి లాగేసింది. ఇది రంగులతో తీర్చే సమస్య కాదు. గడిలో ఉన్న అంకే తప్పు ప్రశ్నకి జవాబు చెప్తోంది. బాబాయ్ అడిగింది మామూలు ఆదివారం గురించి. అంకెలని వరసలో పేర్చి మధ్యది, అంటే ఆరోది తీసుకుంటే 16 వస్తుంది. ఇదే మీడియన్. వారాలు బేసి సంఖ్యలో ఉండటం వల్ల మీడియన్ ఇక్కడ నిజంగా ఒక రోజు వచ్చిన అంకే అవుతుంది, ఆయనకి చెప్పడం కూడా సులువయ్యింది: "సగం ఆదివారాలు దీనికంటే తక్కువ, సగం ఎక్కువ."

మీడియన్ పెట్టాక ఎక్కువ ఉన్న గడి ఆదివారం రాత్రి తొమ్మిది, 34. స్కేల్ మామూలుగా సున్నా నుంచి 35 దాకా, ఏడేసి చొప్పున అయిదు మెట్లు. లాగ్ స్కేల్ అక్కర్లేకపోయింది. మెట్లు ఎందుకంటే, సన్నగా మారిపోయే రంగుని చూసి పక్కనున్న సూచికలో అది ఏ అంకో వెతకడం కంటికి కష్టం, అయిదు రంగులైతే ఇట్టే దొరుకుతుంది. స్కేల్ సున్నా దగ్గరే మొదలవ్వాలి. ఒకవేళ తక్కువ అంకె 4 అయిందని 4 దగ్గర మొదలుపెడితే నలుగురు వచ్చే గంట ఎవరూ రానట్టు కనిపిస్తుంది. అలాగే ఒక్కో రోజుకి విడిగా స్కేల్ పెట్టకూడదు, పెడితే మంగళవారం తొమ్మిదిమంది కూడా ఆదివారం ముప్పై నాలుగుమందంత ముదురుగా వస్తారు.

```python
levels = [0, 7, 14, 21, 28, 35]
norm = BoundaryNorm(levels, ncolors=256)
plt.imshow(grid, cmap="YlGnBu", norm=norm, aspect="auto")
```

ఆగస్టులోనే ఒక గురువారం మధ్యాహ్నం ఒంటిగంట నుంచి అయిదు దాకా సర్వర్ ఆగిపోయింది. ఆ గంటల్లో లాగ్ ఖాళీ. అది సున్నా కాదు, తెలియదు. సున్నాగా వదిలేస్తే ఆ గురువారం ఎవరూ రాలేదని రాసినట్టే. అందుకని ఆ నాలుగు గంటలకి ఖాళీ విలువ పెట్టి, మిగతా పది గురువారాలతోనే మీడియన్ తీశాను. దీనికి తిరగబడి ఇంకో జాగ్రత్త కూడా ఉంది: సర్వర్ నడుస్తూ ఉండి నిజంగా ఎవరూ రాని గంటకి లాగ్‌లో వరసే ఉండదు, దానికి మనమే సున్నా నింపాలి. నింపకపోతే జనం వచ్చిన రాత్రులనే లెక్కలోకి తీసుకుని, రాత్రి రెండు గంటల గడి ఉన్నదానికంటే ముదురుగా వస్తుంది.

ఇక గళ్ళ వరస. దీన్ని చాలామంది పట్టించుకోరు, నాకు మాత్రం రంగుకంటే ఇదే ముఖ్యం అనిపించింది. రోజుల పేర్లతో గుంపులు చేస్తే కంప్యూటర్ వాటిని అక్షర క్రమంలో పెడుతుంది. ఇంగ్లీషులో ఫ్రైడే, మండే, శాటర్‌డే అని వస్తాయి. తెలుగు పేర్లు పెట్టినా ఆది, గురు, బుధ, మంగళ, శని, శుక్ర, సోమ అని వస్తాయి. ఆదివారం పై వరసలో, సోమవారం అట్టడుగున. గంటలని అక్షరాలుగా ఉంచితే 1 తర్వాత 10, 11 వచ్చి 2 ఎక్కడో పడుతుంది. పక్కపక్క గళ్ళు కాలంలో కూడా పక్కపక్కనే ఉంటేనే కన్ను ఒక మచ్చని మచ్చగా చూడగలదు. అందుకే పేర్లతో కాకుండా అంకెలతో గుంపు చేసి, చివర్లో పేర్లు తగిలించాలి.

వారం ఎక్కడ మొదలు పెట్టాలి? సోమవారంతో మొదలుపెట్టి శని, ఆది చివర కలిపి ఉంచడం మామూలు పద్ధతి, ఆఫీసుల సైట్లకి అదే సరి. ఇక్కడ అలా పెడితే అసలు విషయమే రెండు ముక్కలైంది. ఆదివారం రాత్రి టైములు చూసినవాళ్ళే సోమవారం తెల్లవారుజామున మళ్ళీ ఒకసారి చూసుకుని బయలుదేరుతారు. సోమవారం పైన, ఆదివారం కింద ఉంటే ఆ ఒక్క అల కాగితం అటు చివరా ఇటు చివరా కనిపించి, రెండు వేరు వేరు సంగతుల్లా ఉంటుంది. ఆదివారం పైన పెడితే దాని కిందే సోమవారం. బాబాయ్ గోడ మీద క్యాలెండర్ కూడా ఆదివారంతోనే మొదలవుతుంది, ఆయన కన్ను దానికే అలవాటు పడింది. శనివారం అడుక్కి వెళ్ళింది, దాని ఆకారం ఎలాగూ ఆదివారంతో కలవదు, ఇబ్బంది లేదు.

రోజు ఎక్కడ తెగాలి అన్నది కూడా ఇలాంటిదే. అర్ధరాత్రి దగ్గర కోస్తే, రాత్రి పన్నెండున్నరకి టైము చూసే మనిషి మర్నాటి వరసలో ఎడమ చివర పడతాడు. అతనికి అది ఇంకా ఆదివారం రాత్రే. అందరూ నిద్రపోయే గంట దగ్గర కోయాలి. మా లెక్కలో రెండు, మూడు గంటల గళ్ళలో ఏడు రోజులూ మీడియన్ సున్నా, నాలుగు దాటాక జనం లేవడం మొదలవుతుంది. అందుకని ప్రతి వరస తెల్లవారి నాలుగుకి మొదలై మర్నాడు నాలుగు దాకా వెళ్తుంది. గంటల వరస మార్చితే సరిపోదు, అర్ధరాత్రి దాటిన నాలుగు గంటలూ ముందు రోజు ఖాతాలోకి వెళ్ళాలి. అది మర్చిపోతే ఆదివారం వరస కుడి చివర శనివారం రాత్రి వచ్చినవాళ్ళు కూర్చుంటారు, ఎవరికీ తెలియదు కూడా.

```python
df["day"] = (t - pd.Timedelta(hours=4)).dt.normalize()
days = pd.date_range("2025-07-07", "2025-09-21", tz="Asia/Kolkata")
hours = list(range(4, 24)) + list(range(0, 4))
daily = df.groupby(["day", "hour"]).size().unstack(fill_value=0)
daily = daily.reindex(index=days, columns=hours, fill_value=0).astype(float)
# సర్వర్ ఆగిన గంటలకి ఇక్కడ NaN పెట్టాలి
grid = daily.groupby(daily.index.dayofweek).median()
grid = grid.loc[[6, 0, 1, 2, 3, 4, 5]]
```

గోడకి అంటించే కాగితంలో గంటలు అడ్డంగా, రోజులు నిలువుగా. బాబాయ్ కొడుకు ఫోన్‌లో చూస్తాడు, అక్కడ ఇరవై నాలుగు నిలువు గళ్ళు ఇరుక్కుపోతాయి కాబట్టి అతనికి గంటలు పై నుంచి కిందకి, రోజులు అడ్డంగా పెట్టి ఇంకోటి ఇచ్చాను. రంగులూ మెట్లూ రెండిట్లో ఒకటే.

ఇంత చేశాక కూడా పటంలో ఒక గడి నాకు నచ్చలేదు. మంగళవారం పదకొండు గంటలు, 22. దానికి అటు పదింటికి 8, ఇటు పన్నెండింటికి 7. పైన సోమవారం, కింద బుధవారం అదే గంటకి లేతగానే ఉన్నాయి. మనుషుల గుంపు అలా రాదు. ఎప్పుడూ ముందు గంటలో కొందరు, తర్వాత గంటలో కొందరు ఉండి అంచులు పల్చబడతాయి. ఒక్క గడి ఒంటరిగా, పదునైన అంచులతో ముదురుగా ఉంటే దాని వెనక యంత్రం ఉందేమోనని నేను చూస్తాను. లాగ్ తెరిస్తే అదే: ప్రతి మంగళవారం పదకొండు దాటాక ఒకే ఐపీ గుంపు నుంచి, ప్రతిసారీ బ్రౌజర్ పేరు మార్చుకుంటూ, సెకనుకో పేజీ చొప్పున, బొమ్మలు ఒక్కటీ తెరవకుండా ఎవరిదో ప్రోగ్రామ్ మా టైములన్నీ చదువుకుని వెళ్తోంది. పేరు మారడం వల్ల ప్రతిదీ కొత్త విజిట్‌గా లెక్కలోకి వచ్చింది. మీడియన్ దీన్ని ఆపలేదు, ఎందుకంటే మీడియన్ ఒక్కసారి జరిగినదాన్నే పక్కన పెడుతుంది, వారం వారం తప్పకుండా జరిగేదాన్ని కాదు. తీసేశాక ఆ గడి 7.

నేను అనుకున్నది ఒకటి అసలు కనిపించలేదు. బుధవారం చాటికోన సంత ఉంటుంది, మంగళవారం రాత్రో బుధవారం పొద్దునో ఆ వైపు బస్సుల కోసం జనం చూస్తారని అనుకున్నాను. ఆ వరసలో ఏ మచ్చా లేదు. సంతకి వెళ్ళేవాళ్ళకి ఆ బస్సులు ఏళ్ళ తరబడి తెలిసినవే, సైటు చూడాల్సిన పని లేదు. కాబట్టి ఈ పటం ప్రయాణాల పటం కాదు, టైము తెలియనివాళ్ళ పటం. దీన్ని చూసి బుధవారం బస్సు తగ్గించుకోవచ్చని ఎవరైనా అంటే పూర్తిగా తప్పు.

చివరికి బాబాయ్ చూసింది ఇది: ఆదివారం రాత్రి ఎనిమిది గంటల గడి నుంచి పది గంటల గడి దాకా పొడుగ్గా ఒక ముదురు పట్టీ, దాని కింద సోమవారం నాలుగు నుంచి ఆరు దాకా ఇంకో చిన్న మచ్చ, మిగతా రోజుల్లో సాయంత్రం ఒక మోస్తరు. రోజూ ఒక కుర్రాణ్ణి పెట్టాల్సిన పని లేదు. ఆదివారం ఒక్కరోజు కౌంటర్ ఫోన్ పదిన్నర దాకా ఎత్తితే చాలు. సోమవారం తెల్లవారు సంగతికి నేను తొందరపడి ఏమీ చెప్పలేదు, ఎందుకంటే సైటు చూసిన ప్రతి మనిషీ ఫోన్ చేయడు. నాలుగు వారాలు వచ్చిన ఫోన్లన్నీ నోటు పుస్తకంలో టైముతో రాయమన్నాను. ఆదివారం రాత్రి తొమ్మిది నుంచి పది మధ్య వరసగా 11, 9, 14, 12 కాల్స్ వచ్చాయి. సోమవారం తెల్లవారుజామున మాత్రం నాలుగు వారాల్లో కలిపి మూడే. ఆ టైములో చూసేవాళ్ళకి మాట్లాడే పని లేదు, మొదటి బస్సు ఎన్నింటికో మరోసారి చూసుకుంటున్నారు, అంతే. అందుకని ఆ గంటకి మనిషిని పెట్టలేదు. పేజీ తెరవగానే కింద వెతక్కుండా, రేపటి మొదటి బస్సు టైము పెద్ద అక్షరాలతో పైనే కనిపించేలా మార్చాను.

ఇప్పుడు ఆ కాగితం కౌంటర్ వెనక, క్యాలెండర్ పక్కన అంటించి ఉంది. జిరాక్స్ కాపీనే అంటించారు, బూడిద రంగులో కూడా ఆదివారం పట్టీ స్పష్టంగా ఉంది. సంక్రాంతి నెల లాగ్ వచ్చాక దాన్ని ఇందులో కలపను. ఆ రోజుల్లో వారం లెక్క నడవదు, పండక్కి ఎన్ని రోజులు ముందు అన్నదే నడుస్తుంది, దానికి వేరే పటం గీయాలి.